చందా ఒకటే, అనుమతులు వేరు

గుంటూరులో ఓ చీరల దుకాణం దసరాకి ఆఫర్ పెట్టిందనుకుందాం. యజమాని పనులన్నీ కలిపి ఒకే డిజైనర్‌కి అప్పజెప్పాడు. కరపత్రాలు, సెంటర్‌లో హోర్డింగు, కొన్నవాళ్లకిచ్చే సంచులు, యూట్యూబ్‌లో పెట్టడానికి నిమిషం వీడియో, పనిలో పనిగా దుకాణానికో కొత్త లోగో. డిజైనర్ దగ్గర ఫోటోల చందా ఒకటి, సంగీతం చందా ఒకటి, కాన్వా ప్రో ఉన్నాయి. నెలనెలా డబ్బు కడుతున్నాడు కాబట్టి డౌన్‌లోడ్ చేసిందంతా తన సొత్తేనని అతని నమ్మకం. యజమానిదీ అదే మాట: "డబ్బు కట్టాం కదయ్యా, ఇంకేం కావాలి?"

నిజానికి వాళ్లు కొన్నది ఫోటోనీ కాదు, పాటనీ కాదు. వాటి మీద హక్కు తీసినవాళ్ల దగ్గరే, కట్టినవాళ్ల దగ్గరే ఉంటుంది. చందాదారుకి వచ్చేది ఫలానా పనికి, ఫలానా హద్దులో వాడుకోవచ్చన్న అనుమతి మాత్రమే. ఆ అనుమతి పేరే లైసెన్సు. రాయల్టీ ఫ్రీ అని రాసి ఉంటే ఉచితమని చాలామంది పొరబడతారు. వాడిన ప్రతిసారీ విడిగా రుసుము కట్టనక్కర్లేదన్నంతవరకే దాని అర్థం. హద్దులు మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయి.

ఉచితమైనదంతా సొంతానికి, డబ్బు కట్టినదంతా వ్యాపారానికి అనే లెక్క కూడా నిలవదు. కాన్వాలో ఉచిత ఖాతాతో చేసిన పోస్టరును కూడా దుకాణం ప్రకటనకి వాడుకోవచ్చు. ఇంకోవైపు డబ్బు కట్టి తీసుకున్న సంగీతం చందా సొంత ఛానల్ దాటి అడుగు పెట్టనివ్వకపోవచ్చు. ఇక డాఫాంట్ లాంటి చోట్ల దొరికే అక్షరాలు చాలావాటికి సొంత వాడకానికి మాత్రమే అనుమతి ఉంటుంది. పెళ్లి శుభలేఖకి వాటిని వాడొచ్చు, దుకాణం బోర్డుకి వాడకూడదు. కాబట్టి డబ్బు కట్టామా లేదా అన్నది చూస్తే చాలదు. ఎవరి కోసం, దేని మీద, ఎన్ని, అన్న మూడూ చూడాలి.

కరపత్రాల సంగతి తేలిక. అడోబీ స్టాక్, షటర్‌స్టాక్, ఐస్టాక్‌ల మామూలు లైసెన్సు ముద్రణకి పెట్టిన హద్దు 5 లక్షల ప్రతులు. ఊళ్లో పంచే ఇరవై వేల కరపత్రాలు ఆ దరిదాపులకి కూడా పోవు. కానీ అదే ఫోటోతో దినపత్రికలో రాష్ట్రమంతటా ప్రకటన ఇస్తే లెక్క మారిపోతుంది. పత్రిక ఎన్ని ప్రతులు వేస్తే అన్నీ మన ఖాతాలోకే వస్తాయి. పెద్ద పత్రికైతే రెండు మూడు రోజుల ప్రకటనతోనే హద్దు దాటిపోవచ్చు. హోర్డింగు దగ్గర ఇంకో మెలిక ఉంది. షటర్‌స్టాక్ మామూలు లైసెన్సు బయటి ప్రకటనలకి ప్రతుల్ని కాకుండా చూపుల్ని లెక్కపెడుతుంది. ప్రచారం మొత్తానికి అనుకున్న చూపులు 5 లక్షల లోపే ఉండాలంటుంది. విజయవాడ బెంజి సర్కిల్లో నెల రోజులు నిలబెట్టిన ఒక్క హోర్డింగుని ఎన్నిసార్లు జనం చూస్తారో ఊహించుకోండి. అచ్చు వేసింది ఒక్కటే కదా అనుకుంటే కుదరదు. హద్దు దాటేట్టుంటే పై తరగతి లైసెన్సు తీసుకోవాలి. అదే బొమ్మకి విడిగా ఎక్కువ డబ్బు కట్టి తీసుకునేది అది.

ఇక్కడే ఇంకొకటి చెప్పాలి. దసరా ప్రకటన అనగానే ఎవరికైనా సినిమా తార బొమ్మ పెట్టాలనిపిస్తుంది. స్టాక్ సైట్లలో తారల బొమ్మలు, క్రికెటర్ల బొమ్మలు బోలెడు దొరుకుతాయి. వాటి కింద చిన్న అక్షరాల్లో "Editorial Use Only" అని ఉంటుంది. వార్తకి, వ్యాసానికి వాడుకోమని, ప్రకటనకి వద్దని దాని భావం. ఫోటోలో ఉన్న మనిషి ప్రకటనల్లో తన ముఖం వాడుకోమని సంతకం చేసి ఇవ్వలేదు కాబట్టి ఆ గీత గీశారు. ఎంత ఖరీదైన ప్లాను తీసుకున్నా ఆ ముఖం చీరలు అమ్మిపెట్టదు.

సంచుల దగ్గర చాలామంది బోల్తా పడతారు. చీర పెట్టి ఇచ్చే కాగితం సంచీ ప్యాకింగ్ కిందికి వస్తుంది, దానికి మామూలు లైసెన్సు చాలు. అయిదు వేలు పైబడి కొన్నవాళ్లకి నెమలి బొమ్మ వేసిన గుడ్డ సంచీ కానుకగా ఇస్తే? ఉచితంగానే ఇస్తున్నాం, అమ్మడం లేదు కదా అంటాడు యజమాని. షటర్‌స్టాక్ నిబంధనల్లో అమ్మే వస్తువులతో పాటు ప్రచారం కోసం పంచిపెట్టే వస్తువుల్ని కూడా ఒకే గాటన కట్టారు. రెండింటికీ మామూలు లైసెన్సు చాలదు, పై తరగతిది కావాలి. అడోబీలో గీత ఇంకోచోట ఉంది. అమ్మే వస్తువు విలువ ప్రధానంగా ఆ బొమ్మ మీదే ఆధారపడితే విస్తరించిన లైసెన్సు కావాలంటుంది. టీ కప్పు, టీ షర్టు, గోడ క్యాలెండరు, ఫోను కవరు అన్నీ ఆ గీత మీదే నడుస్తాయి. ఉత్త కప్పు కొనేవాడు దాని మీది నెమలి కోసం కొంటున్నాడా అని మనల్ని మనం అడుక్కుంటే జవాబు దాదాపు తెలిసిపోతుంది.

అన్నిటికన్నా ఎక్కువ చిక్కులు తెచ్చిపెట్టేది వీడియో. ఎపిడెమిక్ సౌండ్, ఆర్ట్‌లిస్ట్ లాంటి సంగీతం చందాల్లో చవకైన ప్లాను ఒకటి, ఖరీదైన ప్లాను ఒకటి ఉంటాయి. పేర్లు ఏటేటా మారుస్తుంటారు గానీ తేడా మాత్రం అదే. చవకది సొంత ఛానళ్లు నడుపుకునేవాళ్లకి. ఆ ఛానల్ మీద ప్రకటనల డబ్బు సంపాదించుకున్నా ఫర్వాలేదు. ఇంకొకరి దగ్గర డబ్బు తీసుకుని వాళ్ల కోసం వీడియో చేసిపెడితే మాత్రం ఖరీదైన ప్లాను కావాలి. మన డిజైనర్‌కి ఉన్నది చవకది. తన వంటల ఛానల్‌కి ఏడాదిగా ఏ గొడవా లేకుండా వాడుకుంటున్నాడు. అదే బాణీ దుకాణం వీడియోలో పెట్టి, దుకాణం ఛానల్లో ఎక్కించాడు. మర్నాడే కాపీరైట్ క్లెయిమ్ వచ్చింది.

అదెలా పట్టుకుందంటే, యూట్యూబ్‌లో కంటెంట్ ఐడీ అని ఒక యంత్రాంగం ఉంది. హక్కుదారులు తమ పాటల్ని అందులో దాఖలు చేస్తారు. ఎక్కించిన ప్రతి వీడియో ధ్వనినీ అది వాటితో పోల్చి చూస్తుంది. చందాదారు తన ఛానల్‌ని కంపెనీ ఖాతాకి జతచేసి ఉంటే ఆ ఛానల్ జోలికి రాదు. డిజైనర్ వంటల ఛానల్ జతచేసి ఉంది, దుకాణం ఛానల్ లేదు. అంతే తేడా. క్లెయిమ్ అంటే స్ట్రైక్ కాదు, ఛానల్ మూతపడదు. మామూలుగా వీడియో ఉంటుంది, దాని మీద వచ్చే డబ్బు హక్కుదారుకి పోతుంది, లేదా కొన్ని దేశాల్లో కనపడకుండా ఆపేస్తారు. సరైన లైసెన్సు చేతిలో ఉంటే అభ్యంతరం పెట్టొచ్చు, జవాబివ్వడానికి హక్కుదారుకి 30 రోజులు గడువుంటుంది. చవక ప్లానుతో అభ్యంతరం పెట్టడం మాత్రం తనంతట తాను వెళ్లి చిక్కుకోవడమే. ఒక్కోసారి అసలు క్లెయిమే రాదు. దాన్ని అనుమతి కింద లెక్కేసుకోకూడదు. యంత్రం గుర్తుపట్టలేదన్నంతే.

చందా ఆపేస్తే పాత వీడియోల గతేమిటని చాలామందికి భయం. ఎపిడెమిక్ సౌండ్ పద్ధతిలో చందా నడుస్తుండగా ప్రచురించిన వీడియో ఆ తర్వాత కూడా క్షేమమే. ప్రమాదమంతా సగంలో ఉన్న పనులకి. దసరాకి ఎడిట్ చేసిపెట్టి, చందా ఆపేసి, అదే వీడియోని దీపావళికి ఎక్కిస్తే అది అనుమతి లేనిదే. డౌన్‌లోడ్ చేసిన తేదీని కాదు, ప్రచురించిన తేదీని చూస్తారు. పెళ్లి వీడియోలు తీసేవాళ్లు ఈ సంగతి మరీ జాగ్రత్తగా చూసుకోవాలి, ఎందుకంటే పెళ్లివారికి ఆల్బం చేతికందేసరికి నెలలు పట్టడం మనవైపు మామూలే. ఇన్‌స్టా రీల్స్‌లో కనిపించే సినిమా పాటల సంగతి కూడా ఇంతే. అవి జనం తమ ముచ్చట్లకి వాడుకోవడానికి పెట్టినవి, దుకాణం ప్రకటనకి కాదు. బిజినెస్ ఖాతాలకి చాలా పాటలు కనపడకపోవడానికి కారణం అదే. దాన్ని తప్పించుకోవడానికి ఖాతాని పర్సనల్‌కి మార్చమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. అలా మార్చినా ప్రకటన ప్రకటనే.

లోగో దగ్గరికొస్తే, కాన్వాలో దొరికిన కలువ బొమ్మ తీసుకుని కింద దుకాణం పేరు రాసి ఇచ్చాడు డిజైనర్. చూడ్డానికి బాగుంది. బోర్డు మీద పెట్టుకోవచ్చు కూడా. కానీ ట్రేడ్‌మార్క్‌గా నమోదు చేయించడానికి కాన్వా నిబంధనలు ఒప్పుకోవు. ట్రేడ్‌మార్క్ అంటే ఆ గుర్తు నాది, ఇంకెవరూ వాడకూడదని చెప్పడం. ఆ కలువ మీదేమో కాన్వా వాడే ప్రతివాళ్లకీ సమానంగా అనుమతి ఉంది. తెనాలిలో ఇంకో దుకాణం అదే కలువ పెట్టుకుంటే కాదనే హక్కు ఎవరికీ లేదు. స్టాక్ ఫోటోల కంపెనీలన్నీ లోగో విషయంలో ఇదే మాట మీద ఉంటాయి, పై తరగతి లైసెన్సు కొన్నా సరే. కాన్వాలో మినహాయింపు ఉన్నది మామూలు గీతలకి, వలయం చదరం లాంటి ఆకారాలకి, అక్షరాలకి.

అక్షరాల విషయంలో తెలుగువాళ్లకి కాస్త కలిసొచ్చింది. సిలికానాంధ్ర పూనికతో తయారై గూగుల్ ఫాంట్స్‌లోకి చేరిన రామభద్ర, మండలి, సురన్న, తిమ్మన, పెద్దన, ధూర్జటి లాంటి ఫాంట్లు ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఉన్నాయి. బోర్డుకి, లోగోకి, అమ్మే వస్తువు మీదికి ధారాళంగా వాడుకోవచ్చు, పైసా కట్టనక్కర్లేదు. ఫాంటుని ఫాంటుగా విడిగా అమ్ముకోకూడదన్న షరతు చీరల దుకాణానికి ఎలాగూ అడ్డు రాదు. కలువ కావాలంటే చిత్రకారుడి చేత గీయించుకుని, హక్కులు రాయించుకోవడమొకటే దారి.

పనంతా అయ్యాక ఇంకో పేచీ ఉంది. "ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లో వేసివ్వు, వచ్చే ఏడు మా బావమరిది చూసుకుంటాడు" అంటాడు యజమాని. పూర్తయిన పోస్టరు ఇవ్వడంలో తప్పులేదు. అందులో వాడిన స్టాక్ ఫోటోల్ని విడివిడిగా కట్టగట్టి ఇస్తే, చందా లేని మనిషికి ఫోటోలు పంచిపెట్టినట్టే లెక్క. డిజైనర్ వైపు నుంచి చూస్తే, ఈ దుకాణానికి వాడిన ఫోటోనే రేపు నగల దుకాణానికి వాడబోతే అడోబీ రెండో ఖాతాదారు కోసం మళ్లీ లైసెన్సు తీసుకోమంటుంది. ఎన్వాటో ఎలిమెంట్స్‌లో అయితే ఎన్ని డౌన్‌లోడ్‌లైనా చేసుకోవచ్చు గానీ, వాడిన ప్రతి పనికీ ఆ వస్తువుని విడిగా నమోదు చేసుకోవాలి.

అందుకే తెలివైన డిజైనర్లు బిల్లుతో పాటు ఒక కాగితం జతచేస్తారు. వాడిన ఫోటో నంబరు, బాణీ పేరు, ఏ కంపెనీ నుంచి, ఏ ప్లాను కింద, ఏ తేదీన తీసుకున్నారో అందులో ఉంటుంది. ఆ రోజున్న లైసెన్సు పేజీని పీడీఎఫ్ చేసి దాచుకుంటారు, నిబంధనలు తరచూ మారిపోతాయి కాబట్టి. సంగీతం చందాని తమ పేరు మీద కాక దుకాణం పేరు మీదే తీసుకోమని యజమానికి ముందే చెప్పి, దుకాణం ఛానల్‌ని జతచేయించి, ఆ తర్వాతే ఎడిటింగ్‌కి కూర్చుంటారు.