డేటాబేస్‌కూ ఓ అలుగు ఉండాలి

ఉదయం 10 గంటలకు ఏసీ తరగతుల తత్కాల్ బుకింగ్ మొదలవుతుంది. ఆ క్షణం కోసం కాచుకున్నవాళ్లంతా ఒక్కసారే బటన్ నొక్కుతారు. అలాంటప్పుడు డేటాబేస్ పరిస్థితి ఏమిటో ఒక ఊహా సైటుతో లెక్క వేసి చూద్దాం.

ఆ డేటాబేస్‌కు 20 కనెక్షన్లు ఉన్నాయి, ఒక్కో పనికి 10 మిల్లీసెకన్లు పడుతుంది. ఒక కనెక్షన్ సెకనుకు 100 పనులు, 20 కలిసి 2,000 పనులు చేస్తాయి. వచ్చేవి మాత్రం సెకనుకు 5,000. మిగిలిన 3,000 వరుసలో చేరతాయి. నిమిషం తిరిగేసరికి వరుసలో 1,80,000 ఉంటాయి. చివరివాడి వంతు రావడానికి 90 సెకన్లు పడుతుంది.

అంతసేపు ఎవరు ఆగుతారు? పది సెకన్లకే విసిగి రిఫ్రెష్ కొడతారు. పాత అభ్యర్థన వరుసలోనే ఉండిపోతుంది, కొత్తది దాని వెనక చేరుతుంది. ఇక డేటాబేస్ ఎప్పుడో వెళ్లిపోయినవాళ్లకు జవాబులు వండుతూ కూర్చుంటుంది. జబ్బు గుర్తు ఇదే: డేటాబేస్ నూటికి నూరు శాతం పనిలో ఉంటుంది, పూర్తయిన బుకింగులు మాత్రం తగ్గిపోతుంటాయి. ముందున్న వెబ్ సర్వర్లను పెంచినా లాభం లేదు. అవి ఇంకా ఎక్కువమందిని అదే డేటాబేస్ మీదికి తోస్తాయి.

మొదటి రక్షణ రేట్ లిమిటింగ్. ప్రతి లాగిన్‌కు 5 టోకెన్లు ఇస్తారు. ఒక్కో అభ్యర్థనకు ఒకటి ఖర్చవుతుంది, రెండు సెకన్లకు ఒకటి తిరిగి జమవుతుంది. టోకెన్లు అయిపోతే 429 అనే కోడ్‌తో వెనక్కి పంపుతారు. సెకనుకు 50 సార్లు కొట్టే దొంగ స్క్రిప్టు ఇక్కడే ఆగిపోతుంది. ఇంటర్నెట్ అడ్రసును బట్టి లెక్కిస్తే మాత్రం, ఒకే వైఫై వాడే హాస్టల్ విద్యార్థులందరికీ కలిపి ఒకే కోటా వస్తుంది. అందుకే లాగిన్‌ను బట్టి లెక్కించడం మేలు.

అయితే లక్షమంది నిజాయతీపరులు తలా ఒక్కసారే నొక్కితే? ఎవరూ పరిమితి దాటలేదు, అయినా డేటాబేస్ మునుగుతుంది. అప్పుడు కావలసింది బ్యాక్‌ప్రెజర్. ‘ఇక నా వల్ల కాదు’ అన్న సంకేతం లోపలి నుంచి బయటికి రావడమే అది. వరుసను 4,000కు, అంటే రెండు సెకన్ల పనికి, పరిమితం చేస్తారు. అది నిండితే కొత్తవారికి వెంటనే 503 కోడ్ పంపుతారు. చెరువు నిండాక నీరు అలుగు మీదుగా పోతే గట్టు నిలుస్తుంది కదా, ఇదీ అంతే.

వెనక్కి పంపడంలోనూ ఒక మెలకువ ఉంది. అందరికీ ‘10 సెకన్లాగి రండి’ అంటే, సరిగ్గా పదో సెకనుకు మళ్లీ అందరూ కలిసే వస్తారు. ఒకరికి 6, మరొకరికి 13 అని చెదరగొట్టాలి.

ఇంత చేసినా సెకనుకు 2,000 పనులే అవుతాయి, సీట్లు పెరగవు. కాకపోతే లోపలికి వెళ్లినవారికి రెండు సెకన్లలో జవాబు వస్తుంది. దొరకనివారికి ఆ సంగతి వెంటనే తెలుస్తుంది.