నాలుగు వందల ఏడులో సున్నా ఎక్కడుంది?

నాలుగు వందల ఏడు రాయమంటే మూడో తరగతి పిల్లల్లో కొందరు 4007 అని రాస్తారు. పరధ్యానంగా రాశారని మనం ఎర్రసిరాతో కొట్టేస్తాం. కానీ ఆ పాప ఎలా ఆలోచించిందో చూడండి. నాలుగు వందలు అంటే 400 అని తనకు తెలుసు, ఏడు అంటే 7 అనీ తెలుసు. విన్నది విన్నట్టు ఒకదాని పక్కన ఒకటి పెట్టింది. మనం పలికేటప్పుడు వంద అనే మాట వినపడుతుంది, రాసేటప్పుడు దానికి విడిగా గుర్తు ఉండదు. అంకె కూర్చున్న చోటే అది వందలని చెబుతుంది. పదులు లేనప్పుడు నోటితో ఏమీ అనం, కాగితం మీద మాత్రం అక్కడ సున్నా పెట్టాలి. ఈ రెండు సంగతులూ ఎవరూ చూపించకుండా ఎనిమిదేళ్ల పిల్లకు వాటంతటవే తట్టవు.

2021 జులైలో మొదలైన నిపుణ్ భారత్ కార్యక్రమం ప్రకారం రెండో తరగతి పూర్తయ్యేసరికి పిల్లలు 999 వరకు సంఖ్యలు చదవాలి, రాయాలి. ఆ లక్ష్యం అందుకోవడానికి చాలాచోట్ల చేసే పని నోటుపుస్తకంలో 100 నుంచి వరుసగా రాయించడం. అలా రాసే పిల్లల చేతిని ఒకసారి దగ్గరగా గమనించండి. ముందు పేజీ పైనుంచి కింద దాకా 4, 4, 4 అని రాసుకుంటూ పోతారు. తర్వాత దాని పక్కన 0 నిలువుగా. ఆఖర్న 1, 2, 3, 4. పేజీ తప్పుల్లేకుండా నిండుతుంది, అందులో ఒక్క సంఖ్యను కూడా పిల్ల సంఖ్యగా చదివి ఉండదు.

అందుకే ముందు పుల్లలు. ప్లాస్టిక్ స్ట్రాలు 2022 జులై 1 నుంచి నిషేధంలో ఉన్నాయి కాబట్టి కాగితం స్ట్రాలు తీసుకోవచ్చు. డబ్బు పెట్టనక్కర్లేదనుకుంటే కొబ్బరి చీపురు ఈనెల్ని ఒకే కొలతకు విరిస్తే అదే పని చేస్తాయి. నలుగురైదుగురు పిల్లల జట్టుకు వంద పైచిలుకు పుల్లలు, కొన్ని రబ్బరు బ్యాండ్లు ఇవ్వాలి. కట్టలు టీచరు ముందే కట్టి తేకూడదు. ఇక్కడ నాకు రాజీ లేదు. పది లెక్కపెట్టి, బ్యాండు వేసి, పక్కన పెట్టి, మళ్లీ పది లెక్కపెట్టినప్పుడే ‘ఇది ఒక కట్ట, ఇందులో పది ఉన్నాయి’ అనే రెండు సంగతులు ఆ చేతుల్లో ఒకేసారి కుదురుతాయి. పది కట్టలయ్యాక వాటన్నింటికీ కలిపి పెద్ద బ్యాండు వేయాలి. అదే వంద.

కట్టిన తర్వాత ఒక పరీక్ష చేయండి. నాలుగు చిన్న కట్టలు, మూడు విడి పుల్లలు పెట్టి ఎన్నని అడగండి. కొందరు పది, ఇరవై, ముప్పై, నలభై అని కట్టలు లెక్కపెట్టి, ఆ ఊపులోనే విడి పుల్లల్ని కూడా యాభై, అరవై, డెబ్బై అంటారు. ఇంకొందరు కట్ట విప్పి మొదట్నుంచీ ఒకటీ రెండూ అని లెక్కపెడతారు. మొదటివాళ్లకు కట్టకూ పుల్లకూ తేడా ఇంకా నిలవలేదు. రెండోవాళ్లకు కట్ట మీద నమ్మకం కుదరలేదు. వాళ్లను విప్పనివ్వండి, మళ్లీ కట్టనివ్వండి. విప్పినా పది, కట్టినా పదే అని రెండు మూడుసార్లు తేలాక విప్పడం వాళ్లే మానేస్తారు.

పుల్లలతో ఎంతో దూరం పోలేం. నాలుగు వందల ఏడు చూపించాలంటే నాలుగు వందల ఏడు పుల్లలు కావాలి. వంద కట్ట చిన్నపిల్లల గుప్పిట్లో ఇమడదు, బ్యాండు తెగితే క్లాసంతా చెల్లాచెదురు. అక్కడ వంద పలక అవసరమవుతుంది. అడ్డంగా పది గళ్లు, నిలువుగా పది గళ్లు ఉన్న చదరం అది. దుకాణాల్లో దొరికే డీన్స్ బ్లాకుల పెట్టెలో ఇది ప్లాస్టిక్‌తోనో చెక్కతోనో ఉంటుంది. ఒక్కో గడి సాధారణంగా సెంటీమీటరు కాబట్టి పలక పది సెంటీమీటర్ల చదరం. గళ్ల కాగితం మీద అదే కొలతకు గీసి, అట్టకు అంటించి కత్తిరిస్తే ఇంట్లోనే తయారవుతుంది.

చిక్కంతా పుల్లల నుంచి పలకకు మారే చోట ఉంది. ఒక స్ట్రా పలక వెడల్పు కంటే పొడవు. పది పుల్లల కట్ట పలక కంటే లావుగా కనిపిస్తుంది. కంటిని నమ్మే వయసు పిల్లకి కట్ట పక్కన పలక పెట్టి ‘ఏది ఎక్కువ?’ అంటే కట్టనే చూపించవచ్చు. అందుకని పలకను ‘ఇది వంద’ అని చెప్పి చేతికివ్వడం సరిపోదు. పెద్ద కట్ట విప్పించి అందులోని పది కట్టల్ని వరుసగా పేర్పించాలి. పిల్ల ఒక కట్ట చూపించినప్పుడల్లా పలక మీద ఒక వరుస గళ్లకు రంగు వేయాలి. పది కట్టలకు పది వరుసలు సరిపోతాయి, ఒక్క గడి కూడా మిగలదు. అప్పుడు వంద కట్ట తీసుకుని దాని బదులు పలక ఇస్తే ఆ మార్పిడి పిల్లకు న్యాయంగా అనిపిస్తుంది. ఇది జరిగాకే పలకలు, కట్టలు, పుల్లలు ఒకే బల్ల మీద కలపవచ్చు.

ఇప్పుడు ఒక చార్టు మీద మూడు గళ్లు గీసి ఎడమ నుంచి వందలు, పదులు, ఒకట్లు అని రాయండి. నాలుగు వందల ఏడు అని పలకండి. పిల్లలు వందల గడిలో నాలుగు పలకలు, ఒకట్ల గడిలో ఏడు పుల్లలు పెడతారు. కింద అంకెలు రాయమంటే 4 రాసి ఆగిపోయి, ‘టీచర్, ఇక్కడ ఏం లేవుగా, ఏం రాయాలి?’ అని ఎవరో ఒకరు అడుగుతారు. పాఠంలో అసలైన చోటు ఇదే, తొందరపడి జవాబు చెప్పేయకండి. చార్టు తీసేసి, గళ్లు లేని కాగితం మీద 4, 7 మాత్రమే రాసి చదవమనండి. నలభై ఏడు అంటారు. బల్ల మీద ఉన్నది నలభై ఏడేనా అని అడిగితే కాదని వాళ్లే అంటారు. ఖాళీ గడిని కాగితం మీద నిలబెట్టడానికి ఏదో ఒకటి కావాలని అక్కడ తెలుస్తుంది.

4007 రాసే పిల్లలకు దీనితోపాటు అట్టముక్కలు బాగా ఉపయోగపడతాయి. మాంటిస్సోరి బడుల్లో బంగారు పూసల సామగ్రితో పాటు వాడే సంఖ్యల కార్డులు ఇలాంటివే. మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసు అడయారుకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు కాబట్టి దక్షిణాదికి ఈ సామగ్రితో పాత పరిచయమే ఉంది. 400 అని రాసిన పొడవాటి ముక్క, 7 అని రాసిన చిన్న ముక్క తీసుకోండి. చిన్నదాన్ని పొడవాటిదాని కుడి చివరన, ఆఖరి సున్నా మీద పెట్టండి. 407 కనిపిస్తుంది. ముక్క ఎత్తితే సున్నా కిందే ఉంటుంది. పక్కన పెడితే 4007, మీద పెడితే 407. తను ఎక్కడ తప్పాడో పిల్లవాడికి కళ్లెదుటే తెలుస్తుంది.

ఇక జతపరచే పని పత్రం. మార్కెట్లో దొరికే వాటిలో ఎక్కువ భాగం పిల్లల గురించి మనకేమీ చెప్పవు. ఎడమవైపు బొమ్మలు 215, 348, 562, కుడివైపు అవే మూడు సంఖ్యలు. పిల్ల పలకలు రెండున్నాయని చూసి 2తో మొదలయ్యే సంఖ్యకు గీత గీస్తుంది. కట్టల్నీ పుల్లల్నీ చూడాల్సిన పనే లేదు. పైగా రెండువైపులా సమానంగా ఉంటే ఆఖరిది ఆలోచించకుండానే కుదురుతుంది.

నేను తయారుచేసే పత్రంలో ఎడమవైపు ఆరు బొమ్మలుంటాయి. మొదటిదాంట్లో మూడు పలకలు, నాలుగు పుల్లలు. రెండోదాంట్లో మూడు పలకలు, నాలుగు కట్టలు. మూడోదాంట్లో నాలుగు పలకలు, మూడు పుల్లలు. నాలుగోదాంట్లో పలకలు లేవు, మూడు కట్టలు, నాలుగు పుల్లలు. అయిదోదాన్ని కావాలనే తిరగేసి గీస్తాను: ఎడమన నాలుగు పుల్లలు, మధ్యలో మూడు కట్టలు, కుడిన రెండు పలకలు. ఆరోదాంట్లో రెండు పలకలు, పన్నెండు కట్టలు, అయిదు పుల్లలు. కుడివైపు తొమ్మిది సంఖ్యలు: 34, 234, 304, 325, 340, 403, 432, 2125, 3004. మూడు సంఖ్యలకు జత ఉండదని పిల్లలకు ముందే చెప్పాలి.

మార్కులు వేసేముందు గీతలు ఎక్కడికి పోయాయో చూడండి. మొదటి బొమ్మ 3004కు చేరితే పిల్ల విన్నట్టే రాస్తోంది, అట్టముక్కలు బయటికి తీయాలి. అదే బొమ్మ 34కు చేరితే, అంటే 34 దగ్గర రెండు గీతలు కలిస్తే, ఖాళీ గడి ఇంకా అర్థం కాలేదు. 340కి చేరితే సున్నా కావాలని తెలుసు, ఎక్కడ పెట్టాలో తెలియదు. ఈ ముగ్గురికీ ఒకే తప్పు మార్కు పడుతుంది, మర్నాడు చేయాల్సిన పని మాత్రం ముగ్గురికీ వేరు.

అయిదో బొమ్మను 432కు కలిపిన పిల్ల వస్తువుల్ని కాకుండా వరుసను చదువుతోంది. బొమ్మలు ఎప్పుడూ పలకలు, కట్టలు, పుల్లలు అనే క్రమంలోనే గీసిచ్చిన క్లాసుల్లో ఇది ఎక్కువగా వస్తుంది. పుల్లల కట్ట ఎడమనున్నా కుడినున్నా పదే. చోటు మారితే విలువ మారేది అంకెకే. ఆ తేడా మాటల్లో చెబితే ఎక్కదు, కట్టల్ని బల్లమీద అటూ ఇటూ జరిపి ప్రతిసారీ ఎన్నున్నాయో అడగాలి.

ఆరోదాన్ని 2125కు కలిపితే లెక్కపెట్టడం సరిగ్గానే వచ్చింది. రెండు, పన్నెండు, అయిదు. ఒక్కో చోట తొమ్మిదికి మించి నిలవదన్న సంగతి ఇంకా అందలేదు. పన్నెండు కట్టల్లో పదింటికి పెద్ద బ్యాండు వేసి ఇమ్మని, దానికి బదులు పలక ఇవ్వండి. మూడు పలకలు, రెండు కట్టలు, అయిదు పుల్లలు అవుతాయి. ఇదొక్కటి తప్పినా మిగతా అయిదూ సరిగ్గా కలిపిన పిల్ల మూడంకెల సంఖ్యలు చదవగలదనే లెక్క. కూడికలో పది దాటిన చోట తర్వాత ఇబ్బంది పడవచ్చని మాత్రం గుర్తుపెట్టుకోవాలి.

జతపరచడంలో ఒక పరిమితి ఉంది. కళ్లముందున్న సంఖ్యను గుర్తుపట్టడం వేరు, ఏమీ లేని కాగితం మీద రాయడం వేరు. అన్నీ సరిగ్గా కలిపిన పిల్ల కూడా చెప్పి రాయిస్తే తడబడవచ్చు. అందుకని పత్రం వెనకవైపు ఖాళీగా ఉంచి మూడు సంఖ్యలు నోటితో చెప్పి రాయిస్తాను: నూట తొమ్మిది, అయిదు వందల అరవై, ఎనిమిది వందల పదకొండు. రాశాక ప్రతిదానికీ బొమ్మ గీయమంటాను. పలకకు చదరం, కట్టకు గీత, పుల్లకు చుక్క. ఒక్కోసారి పిల్ల 109 సరిగ్గా రాసి, కింద ఒక చదరం, తొమ్మిది గీతలు గీస్తుంది. అలాంటి పిల్లకు మర్నాడు పుల్లలు, బ్యాండ్లు మళ్లీ ఇవ్వాలి, తొమ్మిది పుల్లలు ఒకవైపు, తొమ్మిది కట్టలు ఇంకోవైపు పెట్టించి.