ఏ ఊరి ఏడున్నర?

హైదరాబాద్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ బృందం డాలస్, లండన్ బృందాలతో మాట్లాడాలి. ‘బుధవారం ఏడున్నరకి కాల్ పెట్టుకుందామా?’ అని మెయిల్ పంపితే, ఏ ఊరి ఏడున్నర అని అటునుంచి ప్రశ్న రాక తప్పదు. పోనీ పక్కన ‘ఐఎస్‌టీ’ అని చేర్చినా చిక్కే. భారత కాలమానానికే కాదు, ఇజ్రాయెల్ కాలమానానికీ, ఐర్లండ్ వేసవి సమయానికీ అవే మూడక్షరాలు. డాలస్ వాళ్లు రాసే ‘సీఎస్‌టీ’ చైనాకూ వర్తిస్తుంది.

అసలు తిరకాసు మార్చిలో మొదలవుతుంది. మన గడియారం ఏడాది పొడవునా ఒకేలా నడుస్తుంది. అమెరికాలో చాలా రాష్ట్రాలు మార్చి రెండో ఆదివారం గంట ముందుకు జరుపుతాయి. బ్రిటన్ ఆ పని నెలాఖరు ఆదివారం చేస్తుంది. 2026లో ఆ తేదీలు 8, 29. మధ్యలో ఉన్న మూడు వారాలూ లండన్, డాలస్‌ల మధ్య తేడా ఆరు గంటలు కాదు, అయిదే. అలవాటు కొద్దీ లెక్క కట్టినవాళ్లు ఆ రోజుల్లోనే గంట అటూఇటూ అవుతారు.

అందుకే మార్చి 18న కాల్ పెట్టదలచినవారి మెయిల్ ఇలా ఉంటే మేలు:

‘ఈ సమయం మీకు వీలవుతుందా?
హైదరాబాద్: మార్చి 18, బుధవారం, రాత్రి 7.30 (యూటీసీ+5.30)
లండన్: మార్చి 18, బుధవారం, మధ్యాహ్నం 2.00 (యూటీసీ+0)
డాలస్: మార్చి 18, బుధవారం, ఉదయం 9.00 (యూటీసీ–5)
అరగంట చాలు. కుదరకపోతే సోమవారంలోగా చెప్పండి.’

యూటీసీ అంటే ప్రపంచమంతా కొలతగా వాడే ఉమ్మడి సమయం. సరిచూసుకోవడం సులువు: రాత్రి 7.30లోంచి అయిదున్నర గంటలు తీసేస్తే మధ్యాహ్నం రెండు. లండన్‌కు అదే సమయం. అందులోంచి ఇంకో అయిదు తీస్తే డాలస్ తొమ్మిది. మూడు వరుసలూ అదే రెండు గంటల దగ్గర కలవకపోతే ఎక్కడో తప్పు పడినట్టే.

ప్రతి వరుసలోనూ తేదీ, వారం రాయడం చాదస్తం కాదు. అదే కాల్‌ను హైదరాబాద్‌లో గురువారం ఉదయం 7.30కి పెడితే డాలస్‌లో ఇంకా బుధవారం రాత్రి తొమ్మిదే. ‘రేపు ఉదయం’ అన్న మాట అక్కడ అక్కరకు రాదు.

క్యాలెండర్ ఆహ్వానం పంపేటప్పుడు కొన్ని యాప్‌ల జాబితాలో డాలస్ కనిపించకపోవచ్చు. అప్పుడు America/Chicago ఎంచుకోవాలి. హైదరాబాద్‌కు Asia/Kolkata. ఇలా ఊరి పేరుతో ఎంచుకుంటే గడియారం మార్పును యాప్ తానే చూసుకుంటుంది.

వారం వారం జరిగే కాల్ అయితే, ఏ ఊరి గడియారాన్ని మార్చకుండా ఉంచుతారో కూడా మెయిల్‌లోనే తేల్చాలి. డాలస్ ఉదయం తొమ్మిదికే కట్టుబడితే, 2026 నవంబర్ 1న అమెరికా గడియారం వెనక్కి జరిగాక హైదరాబాద్ వాళ్లు రాత్రి 8.30 దాకా ఆఫీసులో కూర్చోవాలి.