లాంగోలెన్‌లో ఒకే ఇల్లు, ఇద్దరు స్నేహితురాళ్లు

1778 వసంతంలో ఒక రాత్రి ఐర్లండ్‌లో ఇద్దరు పెద్దింటి ఆడవాళ్లు మగవాళ్ల బట్టలు వేసుకుని ఇళ్లు విడిచి వెళ్లిపోయారు. నలభైకి దగ్గరపడ్డ ఎలీనర్ బట్లర్‌ను కాన్వెంటుకు పంపేయాలని ఇంట్లోవాళ్లు చూస్తున్నారు. ఇరవైలు దాటీ దాటని సారా పాన్సన్‌బీకి ఆశ్రయమిచ్చిన ఇంటి యజమానే పెళ్లయి ఉండి కూడా ఆమె వెంటపడుతున్నాడు. వాటర్‌ఫర్డ్ దగ్గర దొరికిపోయి వెనక్కి వచ్చినా ఇద్దరూ పట్టు విడవలేదు. చివరికి పెద్దలే దిగివచ్చారు. 1780లో వాళ్లు వేల్స్‌లోని లాంగోలెన్ ఊళ్లో 'ప్లాస్ నెవిడ్' అనే ఇంట్లో కాపురం పెట్టి, 1829లో ఎలీనర్ చనిపోయేదాకా కలిసే ఉన్నారు.

ఒకే గది, ఒకే మంచం. ఎలీనర్ తన డైరీలో సారాను ప్రియతమా అన్న అర్థమొచ్చే మాటతోనే ప్రస్తావించేది. అయినా వర్డ్స్‌వర్త్, వాల్టర్ స్కాట్ లాంటివాళ్లు వాళ్లింటికి అతిథులుగా వచ్చారు. చరిత్రకారులు 'రొమాంటిక్ స్నేహం' అని పిలిచే ఈ బంధం అప్పటి చదువుకున్న వర్గాలకు కొత్తేమీ కాదు. స్నేహితులు ప్రేమలేఖల్లాంటి ఉత్తరాలు రాసుకోవడం, పక్క పంచుకోవడం మామూలే. పైగా మర్యాదస్తురాలైన స్త్రీకి మగవాడు లేకుండా కోరిక పుడుతుందని ఎక్కువమంది ఊహించేవారు కారు. ఆ నమ్మకం ఈ ఇద్దరికీ రక్షణ ఇచ్చింది. వంశం పేరు అంతకన్నా ఎక్కువ కాపాడిందని నాకనిపిస్తుంది. వాళ్లే కూలి చేసుకునే ఆడవాళ్లయితే ఆ గౌరవం దక్కేది కాదు.

అలాగని ఆ కాలం పూర్తిగా అమాయకమైనది కాదు. 1790లో ఒక లండన్ పత్రిక ఎలీనర్‌ను మగరాయుడిలా వర్ణిస్తూ వాళ్ల బంధం మీద అనుమానం రేకెత్తించే కథనం వేసింది. మనసు గాయపడి, దావా వేయవచ్చా అని వాళ్లు ఎడ్మండ్ బర్క్‌ను అడిగారు. ఆయన ఓదార్చి, కోర్టుకు వెళ్లొద్దన్నాడు.

1822లో యార్క్‌షైర్ నుంచి ఆన్ లిస్టర్ వాళ్లింటికి వచ్చింది. ఆమె స్త్రీలనే ప్రేమించిన మనిషి. ఆ సంగతులు గ్రీకు అక్షరాలూ గణిత చిహ్నాలూ కలిపిన రహస్య లిపిలో డైరీకెక్కించేది. ఈ ఇద్దరిదీ ఉత్త స్నేహమేనంటే నమ్మలేకపోతున్నానని అందులో రాసుకుంది.

పంతొమ్మిదో శతాబ్దం చివరికొచ్చేసరికి లోకం చూపు మారింది. 1886లో క్రాఫ్ట్-ఎబింగ్, 1897లో హావ్‌లాక్ ఎల్లిస్ రాసిన పుస్తకాలు స్వలింగ ఆకర్షణను వైద్యశాస్త్రం పరిశీలించే విషయంగా చేశాయి. చదువుకుని, ఉద్యోగాలు చేస్తూ, పెళ్లి వద్దనే ఆడవాళ్లు పెరుగుతున్న రోజులవి. క్రమంగా, ఒకప్పుడు మెచ్చుకున్న ఉత్తరాలే రోగలక్షణాల్లా కనిపించసాగాయి. కొత్తగా వచ్చింది అనుమానం కాదు, ఆ అనుమానానికి దొరికిన శాస్త్రం ముద్ర.

1981లో లిలియన్ ఫేడర్‌మన్ తన పుస్తకంలో, ఇలాంటి బంధాల్లో చాలావాటికి శరీర సంబంధం ప్రధానం కాదని వాదించింది. ఆ తర్వాత కొన్నేళ్లకు లిస్టర్ రహస్య డైరీ అచ్చులోకి రావడంతో ఆ వాదన అన్నిచోట్లా నిలవదని తేలింది. ఎలీనర్ డైరీలో మాత్రం తోటపని, చదివిన పుస్తకాలు, తలనొప్పులు, సారా మీద తరగని ప్రేమ ఉన్నాయి. మంచం గురించి మనం అడిగే ప్రశ్నకు అందులో జవాబు లేదు. ఏభై ఏళ్ల సహజీవనాన్ని ఆ ఒక్క ప్రశ్నతో కొలవడం వాళ్లకు అన్యాయమే. వాళ్ల మధ్య అలాంటిదేమీ ఉండదని ముందే తీర్మానించడమూ అంతే అన్యాయం.