స్కోరు చూశాక చేయాల్సిన పని

డిగ్రీ రెండో సంవత్సరం విద్యార్థిని ఒకమ్మాయి ఇంగ్లీషులో ఒక వ్యాసం రాసిచ్చిందనుకుందాం. అంశం అనంతపురం జిల్లాలో భూగర్భ జలాలు. ఎనిమిది వందల పదాలున్నాయి, వెతికినా వ్యాకరణ దోషం కనిపించదు. క్లాసులో ఆమె చేత్తో రాసే ఇంగ్లీషు మాత్రం అలా ఉండదు. లెక్చరర్‌కు అనుమానం వచ్చి వ్యాసాన్ని ఏఐ డిటెక్టర్‌లో పెట్టింది. 84 శాతం అని ఎర్రటి అంకె వచ్చింది.

ఇలాంటివి ఇప్పుడు ప్రతి కాలేజీలోనూ ఎదురవుతాయి. ఈ కల్పిత ఉదాహరణనే పట్టుకుని, ఆ లెక్చరర్ ఏం చేస్తే న్యాయంగా ఉంటుందో చివరిదాకా చూద్దాం.

ముందు ఆ 84కు అర్థం తేల్చుకోవాలి. ‘ఈ అమ్మాయి కాపీ కొట్టిందనడానికి నూటికి 84 పాళ్లు అవకాశం ఉంది’ అని చాలామంది చదువుకుంటారు. కొన్ని డిటెక్టర్లు చెప్పేది అది కానే కాదు. టర్నిటిన్‌లాంటి వాటిలో ఆ అంకె వ్యాసంలో ఎంత భాగం యంత్రం రాసినట్టుందో చెబుతుంది. జీపీటీజీరోలాంటి వాటిలో అది సంభావ్యత. కాబట్టి ఏ డిటెక్టర్ వాడామో, దాని అంకె దేన్ని కొలుస్తుందో తెలియకుండా స్కోరును నోట్ ఫైల్లో ఎక్కించకూడదు.

ఈ పరికరాలు ముఖ్యంగా చూసేది ఒకటే: తర్వాత రాబోయే మాటను ఎంత తేలిగ్గా ఊహించవచ్చు అన్నది. ‘ఆవకాయ కలుపుకుని వేడివేడి’ అనగానే ‘అన్నం’ అన్న మాట మన నోటికి వచ్చేస్తుంది కదా, అలాగన్నమాట. మాట వెంట మాట ఊహకు అందేలా ఉండి, వాక్యాలన్నీ ఇంచుమించు ఒకే పొడవున సాగితే అది యంత్రం పని అనుకుంటాయి. ఇక్కడే మన పిల్లలకు ప్రమాదం ఉంది. తెలుగు మీడియంలో చదివి వచ్చిన విద్యార్థి ఇంగ్లీషు రాసేటప్పుడు తనకు గట్టిగా తెలిసిన మాటలే వాడుతుంది, తప్పు రాదని నమ్మకమున్న వాక్య నిర్మాణాన్నే మళ్లీ మళ్లీ వాడుతుంది. ఆమె జాగ్రత్తే డిటెక్టర్‌కు అనుమానమై కూర్చుంటుంది.

ఇది ఊహ కాదు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2023లో ఏడు డిటెక్టర్లను పరీక్షించారు. ఇంగ్లీషు మాతృభాష కానివాళ్లు టోఫెల్ పరీక్ష కోసం రాసిన 91 వ్యాసాలను వాటికి ఇచ్చారు. మనుషులు రాసిన ఆ వ్యాసాల్లో సగటున 61 శాతాన్ని అవి యంత్రం ఖాతాలో వేశాయి. 91లో 89 వ్యాసాలు కనీసం ఒక డిటెక్టర్‌కైనా చిక్కాయి. అమెరికాలో ఎనిమిదో తరగతి పిల్లలు రాసిన వ్యాసాల విషయంలో మాత్రం దాదాపు పొరపాటు పడలేదు. ఇంకో సంగతి కూడా తేలింది. అవే టోఫెల్ వ్యాసాలను చాట్‌జీపీటీకి ఇచ్చి పదజాలాన్ని మెరుగుపరచమన్నాక, తప్పుగా పట్టుకోవడం 12 శాతానికి తగ్గిపోయింది. అంటే నిజంగా యంత్రం చెయ్యి పడ్డాకే వ్యాసాలకు మానవ ముద్ర దొరికిందన్నమాట. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ సంస్థే 2023 జనవరిలో ఒక డిటెక్టర్‌ను విడుదల చేసి, కచ్చితత్వం చాలడం లేదని అదే ఏడాది జులైలో వెనక్కి తీసుకుంది.

పరికరం బాగా పనిచేసినా లెక్క మరోలా ఉండవచ్చు. రెండు వందల మంది ఉన్న బ్యాచ్‌లో ఇరవై మంది ఏఐతో రాయించుకున్నారనుకుందాం. డిటెక్టర్ వాళ్లలో పదహారు మందిని పట్టింది. సొంతంగా రాసిన నూట ఎనభై మందిలో నూటికి ఐదుగురి విషయంలోనే పొరపడింది, అంటే తొమ్మిది మంది. మొత్తం ఇరవై అయిదు మంది పేర్లు ఎర్రగా కనిపిస్తాయి, అందులో తొమ్మిది మంది నిర్దోషులు. ఆ తొమ్మిది మంది ఎవరో స్కోరు చెప్పలేదు. అది టీచరే తెలుసుకోవాలి.

మన లెక్చరర్ ఇప్పుడు వ్యాసాన్ని పెన్సిల్ పట్టుకుని మళ్లీ చదువుతుంది. మొదటి పేరా, చివరి పేరా ఏ జిల్లాకైనా అతికేలా ఉన్నాయి. మూడో పేరా అలా లేదు. ఒక ఊరి బోరు సంగతి ఉంది, మొదట ఎన్ని అడుగుల్లో నీళ్లు పడ్డాయో, తర్వాత వేసిన బోరు ఎందుకు ఎండిపోయిందో రాసి ఉంది. నాలుగో పేరాలో 2002 నాటి వాల్టా చట్టం గురించి ఉంది. బోరు వేయడానికి అనుమతి కావాలన్న సంగతి సరిగ్గానే రాసింది. చివర రెండు ఆధారాలు ఇచ్చింది. ఒకటి ఆ చట్టమే. రెండోది ఏదో పత్రికలో వచ్చిన పరిశోధన వ్యాసం.

ఆ రెండోదాన్ని తప్పకుండా వెతకాలి. ఏఐ నమ్మించేలా పేర్లు అల్లుతుంది, రచయిత పేరు, పత్రిక పేరు, సంవత్సరం అన్నీ ఉంటాయి, వ్యాసం మాత్రం ఉండదు. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు లాయర్లు, వాళ్ల సంస్థ ఇలాంటి లేని తీర్పులను కోర్టుకు సమర్పించి 5,000 డాలర్ల జరిమానా కట్టాల్సి వచ్చింది. అయితే సంవత్సరం తప్పు పడటానికీ, వ్యాసమే లేకపోవడానికీ చాలా తేడా ఉంది. మొదటిది ఎవరైనా చేసే పొరపాటు. పత్రిక ఉండి, ఆ సంచికలో ఆ వ్యాసం లేకపోతే అది అడిగి తేల్చుకోవాల్సిన విషయం. మన ఉదాహరణలో అలాగే అయింది, సంచిక దొరికింది, వ్యాసం లేదు. దీనికి మార్కులు తగ్గించడానికి ఏఐ వాడిందని రుజువు చేయనవసరం లేదని గుర్తుంచుకోవాలి. లేని ఆధారం ఇవ్వడమే తప్పు. ఎవరు కల్పించారన్నది తర్వాతి సంగతి.

తర్వాత పాత రాతతో పోలిక. ఇక్కడ చాలామంది భాష బాగుందా లేదా అని పోలుస్తారు. అది సరికాదు, ఇంట్లో వారం రోజులు దిద్దుకున్న రాత క్లాసులో ఇరవై నిమిషాల్లో రాసినదానికంటే బాగుండి తీరుతుంది. పోల్చాల్సింది అలవాట్లను. ‘డిస్కస్ అబౌట్’ అని రాసే అమ్మాయి, ‘సిన్స్ టూ ఇయర్స్’ అని రాసే అమ్మాయి సాధారణంగా ఒక్క వ్యాసంతో వాటిని వదిలించుకోదు. అవన్నీ ఒక్కసారిగా మాయమైతే ఎవరో దిద్దారని అర్థం. ఆ దిద్దింది అన్నయ్యా, ట్యూషన్ సారా, సాఫ్ట్‌వేరా అన్నది ఈ పోలిక చెప్పదు.

ఆ తర్వాత రాసిన జాడ అడగాలి. గూగుల్ డాక్స్‌లో రాస్తే File మెనూలో Version history ఉంటుంది, అందులో వ్యాసం ఏ రోజు ఎంత పెరిగిందో, ఏ వాక్యం కొట్టేశారో కనిపిస్తుంది. విద్యార్థిని చూడటానికి మాత్రమే అనుమతిస్తే అది కనపడదు, ఎడిట్ చేసే అనుమతి అడగాలి. ఎనిమిది వందల పదాలూ ఒకే నిమిషంలో వచ్చి పడితే ప్రశ్న తప్పనిసరి. అయినా దాన్ని రుజువు అనుకోకూడదు. ఫోన్‌లో నోట్స్‌లో రాసుకుని కాపీ చేసేవాళ్లు ఉన్నారు, ఇంటర్నెట్ సెంటర్లో టైప్ చేయించేవాళ్లు ఉన్నారు. జాడ ఉంటే విద్యార్థికి బలం, లేకపోతే నేరం కాదు.

అన్నిటికంటే ఎక్కువ తేల్చేది మాట్లాడటమే. దాన్ని పాడుచేసుకోవడం కూడా తేలికే. ‘నిజం చెప్పు, ఎవరు రాశారు?’ అని మొదలుపెడితే భయస్తురాలు ఏడుస్తుంది, గడుసుది అబద్ధం చెబుతుంది, ఇద్దరి దగ్గరా తెలిసేది ఏమీ ఉండదు. వ్యాసం ఆమె చేతికి ఇచ్చి, మరో టీచర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని, తెలుగులో మాట్లాడవచ్చని ముందే చెప్పాలి. ఈ చివరిది నేను పట్టుబట్టి చెబుతున్నాను. ఇంగ్లీషులో జవాబు చెప్పలేకపోవడాన్ని విషయం తెలియకపోవడంగా లెక్కేస్తే మళ్లీ డిటెక్టర్ చేసిన తప్పే మనమూ చేసినట్టు.

“ఈ మూడో పేరా బాగుందమ్మా. ఈ బోరు సంగతి నీకెలా తెలుసు?”

“మా పెదనాన్న వాళ్లది మేడమ్. మొదటి బోరు ఎండిపోయాక రెండోది వేశారు. దాని కోసం చేసిన అప్పు ఇంకా తీరలేదు.”

“మరి ఆ అప్పు మాట వ్యాసంలో లేదే?”

“రాశాను మేడమ్, తర్వాత తీసేశాను. అంశం నీళ్లు కదా, పక్కకు పోతోందనిపించింది.”

ఏం తీసేశావు అన్న ప్రశ్న చాలా విలువైనది. ఉన్నది ఎవరైనా బట్టీ పట్టుకుని రావచ్చు, లేనిది రాసినవాళ్లకే తెలుస్తుంది. ఆ తర్వాత ఆమె నోట్‌బుక్ తెచ్చి చూపించింది. రెండున్నర పేజీలు తెలుగులో ఉన్నాయి, కొట్టివేతలతో, అప్పు గురించి రాసిన నాలుగు వాక్యాల మీద అడ్డగీతతో. దాన్ని గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో పెట్టి, వచ్చిన ఇంగ్లీషును వ్యాకరణం దిద్దే యాప్‌లో వేసి, ‘రీరైట్’ నొక్కింది. పరిశోధన వ్యాసం మాత్రం స్నేహితురాలు వాట్సాప్‌లో పంపినదట, తెరిచి చూడలేదట.

అంటే ఆలోచన, సమాచారం, పేరాల వరస ఆమెవి. ఇంగ్లీషు ఆమెది కాదు. ఒక ఆధారం ఎవరిదీ కాదు. 84 అన్న అంకెలో ఈ మూడూ కలిసిపోయి ఉన్నాయి, విడదీసి చూపించే శక్తి దానికి లేదు.

ఇదే బ్యాచ్‌లో ఆరు శాతం స్కోరుతో ఒక అబ్బాయి వ్యాసం దాటిపోయి ఉండవచ్చు. యంత్రం రాసినదాన్ని మనిషి రాసినట్టు మార్చిపెట్టే సైట్లు బోలెడున్నాయి. అందుకే స్కోరు ఎర్రగా ఉన్నవాళ్లను మాత్రమే పిలవడం అన్యాయం. మిగతావాళ్లలో కొందరిని చీటీ తీసి పిలిచి, ఐదేసి నిమిషాలు అవే ప్రశ్నలు అడగాలి. తన వ్యాసంలోని రెండో పేరాకూ మూడో పేరాకూ సంబంధం చెప్పలేక, వాల్టా అంటే ఏమిటని అడిగితే దిక్కులు చూసే విద్యార్థి అక్కడ బయటపడతాడు. ఒక్క ప్రశ్నకు తడబడటం మాత్రం దేనికీ రుజువు కాదు, రాసి మూడు వారాలైతే ఎవరైనా మరిచిపోతారు.

చేయకూడని పని ఒకటుంది. 2023 మేలో టెక్సాస్‌లోని ఒక విశ్వవిద్యాలయంలో ఒక అధ్యాపకుడు పిల్లల వ్యాసాలను చాట్‌జీపీటీకే ఇచ్చి ‘ఇది నువ్వే రాశావా?’ అని అడిగాడు. అది అవునంటే నమ్మి, పిల్లలకు మార్కులు ఆపుతానన్నాడు. తను ఏం రాసిందో అది గుర్తుపెట్టుకుని పోల్చి చెప్పదు. ఏ పేరా చూపించినా అవుననవచ్చు, కాదనవచ్చు.

మన ఉదాహరణలో లెక్చరర్ చూడాల్సిన చివరి కాగితం తను ఇచ్చిన అసైన్‌మెంట్ షీటే. అనువాద సాఫ్ట్‌వేర్ వాడకూడదని అందులో లేదు. లేని నిబంధన మీరిందని శిక్ష వేయలేదు. అయితే అది ఇంగ్లీషు పేపర్, భాషకు పది మార్కులున్నాయి, ఆ ఇంగ్లీషు ఆమె రాయలేదు. కాబట్టి భాషకు కేటాయించిన మార్కుల కోసం ఆమె మూడో పేరాను కాలేజీలోనే కూర్చుని, చేత్తో, తన ఇంగ్లీషులో మళ్లీ రాసింది, దానికి వచ్చినన్ని వచ్చాయి. లేని ఆధారానికి రెండు మార్కులు పోయాయి. విషయానికి పూర్తి మార్కులు పడ్డాయి. లెక్చరర్ తన నోట్‌లో తెలుగు చిత్తుప్రతి, దొరకని ఆధారం, సంభాషణలో వచ్చిన జవాబులు రాసి, డిటెక్టర్ పేరూ తేదీ చివరి వరసలో వేసింది. తర్వాతి అసైన్‌మెంట్ షీటులో ఒక వాక్యం చేర్చింది: తెలుగులో రాసుకున్న చిత్తుప్రతి ఉంటే జతచేయాలి, అనువాదానికి ఏం వాడారో కింద రాయాలి.