కలవబోయి తప్పుకునే రెండు గీతలు

సోడియం అయొడైడ్ మన వంటింటి ఉప్పుకు దగ్గరి బంధువు. నీళ్లలో వేస్తే సోడియం అయాన్లుగా, అయొడైడ్ అయాన్లుగా విడిపోతుంది. బడిలో చదువుకున్న సంగతే ఇది. కానీ దాన్ని ఆవిరిగా మార్చి, అందులో ఒక్క అణువును రెండు వైపులా మెల్లగా లాగుతూ పోతే అయాన్లు రావు. ఏ ఆవేశమూ లేని సోడియం పరమాణువు ఒకటి, అయొడిన్ పరమాణువు ఒకటి వస్తాయి. అంటే బంధంలో ఉన్నంతసేపూ అయొడిన్ దగ్గరున్న ఎలక్ట్రాన్ దారిలో ఎక్కడో సోడియం దగ్గరికి తిరిగి వచ్చేసిందన్నమాట. ఎక్కడ?

ఆ చోటు తెలుసుకోవడానికి చిన్న లెక్క చాలు. సోడియం నుంచి ఎలక్ట్రాన్‌ను ఊడదీయడానికి 5.14 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఖర్చవుతుంది. దాన్ని అయొడిన్ తీసుకున్నప్పుడు 3.06 తిరిగి వస్తుంది. ఇంకా 2.08 నష్టం. పరమాణువులు దూరంగా ఉంటే ఇది నష్టపు బేరమే కాబట్టి ఎలక్ట్రాన్ కదలదు. దగ్గరికి వస్తే ప్లస్, మైనస్ ఆవేశాల మధ్య ఆకర్షణ ఆ నష్టాన్ని పూడుస్తుంది. దూరాన్ని ఆంగ్‌స్ట్రామ్‌లలో కొలిస్తే, ఆ ఆకర్షణ వల్ల కలిసొచ్చే శక్తి 14.4ను దూరంతో భాగించగా వచ్చేది. ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యి కోట్లో వంతు. 14.4ను 2.08తో భాగిస్తే 6.92. సుమారు 6.9 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర లాభనష్టాలు సరిసమానమవుతాయి. మామూలు అణువులో రెండు పరమాణువుల మధ్య దూరం 2.7 ఆంగ్‌స్ట్రామ్‌లే కనుక ఇది దానికి రెండున్నర రెట్లు.

ఇప్పుడు కాగితం మీద రెండు గీతలు గీయవచ్చు. అడ్డంగా దూరం, నిలువుగా శక్తి. ఆవేశం లేని జంట గీత ఈ ప్రాంతంలో దాదాపు సమతలంగా, సున్నా దగ్గర సాగుతుంది. అయాన్ల జంట గీత లోపలి వైపు కిందుగా ఉండి, దూరం పెరిగేకొద్దీ పైకెక్కి, 6.92 దగ్గర మొదటి గీతను దాటుతుంది. కాగితం మీద దాటుతుంది గానీ అసలు అణువులో ఆ దాటడం జరగదు.

కారణం ఎలక్ట్రాన్ స్వభావమే. దాన్ని పూర్తిగా సోడియానిదనో, పూర్తిగా అయొడిన్‌దనో అనలేం. రెండు స్థితుల మధ్య కొద్దిపాటి అనుసంధానం ఉంటుంది. దాని బలాన్ని V అందాం. సోడియం అయొడైడ్‌కు, దాటుడు చోటున, అది సుమారు 0.05 ఎలక్ట్రాన్ వోల్టు. ఈ అనుసంధానాన్ని లెక్కలోకి తీసుకున్నాక అణువుకు నిజంగా దక్కే రెండు శక్తులనే ఐగెన్ విలువలు అంటారు. విడివిడి గీతల శక్తులు E₁, E₂ అయితే అవి ఇలా వస్తాయి:

E = (E₁ + E₂)/2 ± √[((E₁ − E₂)/2)² + V²]

దూరాన్ని మారుస్తూ ఈ రెండు విలువలను వెంబడిద్దాం. లెక్క తేలిక కావడానికి V అంతటా 0.05 అనే అనుకుందాం. 6 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర అయాన్ల శక్తి −0.32. సూత్రంలో వేస్తే కింది విలువ −0.328, పైది 0.008. అసలు గీతలకు ఇవి చాలా దగ్గర. కింది స్థితిలో అయాన్ల పాలు నూటికి 98. అనుసంధానం ఉన్నట్టే తెలియదు. 6.92కు వచ్చేసరికి రెండు గీతలూ సున్నా దగ్గర కలవాలి. కానీ వచ్చే విలువలు −0.05, +0.05. మధ్యలో 0.1 ఖాళీ మిగిలింది. అక్కడ ప్రతి స్థితీ సగం అయాన్, సగం మామూలు పరమాణువు. 8 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర కింది విలువ −0.009, పైది 0.289. గీతలు మళ్లీ తమ పాత దారుల్లో ఉన్నట్టే కనిపిస్తాయి, కానీ స్వభావాలు తారుమారయ్యాయి. కింది స్థితిలో ఇప్పుడు నూటికి 97 పాళ్లు ఆవేశం లేని జంటే. మెల్లగా లాగిన అణువు కింది గీత మీదే నడుస్తుంది కనుక, అయాన్లుగా బయల్దేరి పరమాణువులుగా ముగుస్తుంది.

ఖాళీ ఎందుకు పూడదో సూత్రంలోనే ఉంది. రెండు విలువల మధ్య తేడా సున్నా కావాలంటే E₁, E₂ సమానం కావాలి, V కూడా సున్నా కావాలి. మన చేతిలో మార్చగలిగేది దూరం ఒక్కటే. అది మొదటి షరతును తీర్చగలదు, రెండోదాన్ని మామూలుగా తీర్చలేదు. ఈ సంగతిని ఫాన్ నాయ్‌మన్, విగ్నర్ 1929లో నిరూపించారు. రెండు స్థితుల సౌష్ఠవాలు వేరువేరై అనుసంధానమే నిషిద్ధమైతే మాత్రం గీతలు నిజంగానే ఒకదాన్నొకటి దాటుకుంటాయి.

ఇదంతా మెల్లగా లాగినప్పటి మాట. వేగంగా లాగితే? ఎలక్ట్రాన్‌కు సర్దుకునే వ్యవధి దొరకదు. అణువు ఖాళీని దాటేసి ఒక గీత నుంచి మరో గీతకు దూకుతుంది. అలా దూకే అవకాశమెంతో 1932లో లండావు, జీనర్ విడివిడిగా లెక్కకట్టారు. V వర్గం పెద్దదైతే ఆ అవకాశం వేగంగా తగ్గుతుంది. పరమాణువుల వేగం, గీతల వాలుల మధ్య తేడా ఎక్కువైతే అది పెరుగుతుంది.

ఈ లెక్కను కళ్లారా చూపించింది కాలిఫోర్నియా సాంకేతిక సంస్థలో అహ్మద్ జెవెయిల్ బృందం, 1980ల చివర్లో. సుమారు 310 నానోమీటర్ల అతి స్వల్ప లేజర్ మెరుపుతో వాళ్లు సోడియం అయొడైడ్ అణువును పై గీతకు ఎక్కించారు. ఆ గీత లోపలి భాగంలో ఆవేశం లేని జంట, బయటి భాగంలో అయాన్లు. అందుకే అది గిన్నెలా ఉంటుంది. మిగులు శక్తితో పరమాణువులు సెకనుకు దాదాపు 3 కిలోమీటర్ల వేగంతో దూరమవుతూ 6.9 చోటుకు చేరతాయి. పై సంఖ్యలతో లండావు-జీనర్ లెక్క వేస్తే దూకే అవకాశం నూటికి ఏడెనిమిది. మిగతావి పై గీత మీదే ఉండిపోయి అయాన్లుగా మారతాయి. వాటి ఆకర్షణ సుమారు 12 ఆంగ్‌స్ట్రామ్‌ల దాకా సాగనిచ్చి వెనక్కి లాగుతుంది. ఈ రాకపోకలకు పట్టే కాలం పికోసెకండు పైచిలుకు, అంటే సెకనులో లక్ష కోట్లో వంతు కన్నా కొంచెం ఎక్కువ.

రెండో లేజర్ మెరుపును సోడియం వీధిదీపాల పసుపు రంగుకు సరిపెడితే విడిపోయిన సోడియం పరమాణువులు మాత్రమే పట్టుబడతాయి. వాటి సంఖ్య ఏకధాటిగా పెరగలేదు, మెట్లుమెట్లుగా పెరిగింది. అణువు 6.9 చోటును బయటి వైపు దాటే ప్రతిసారీ ఒక మెట్టు, ప్రతి మెట్టులో దాదాపు పదో వంతు తప్పించుకోవడం. ఇలాంటి ప్రయోగాలకే జెవెయిల్‌కు 1999లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది.

ఖాళీ ఎంత ఉంటుందన్నది గీతలు కలిసే చోటు మీద ఆధారపడుతుంది. సీజియం ఎలక్ట్రాన్‌ను తేలిగ్గా వదులుతుంది, 3.89 చాలు. కాబట్టి సీజియం అయొడైడ్‌లో ఆ చోటు 17 ఆంగ్‌స్ట్రామ్‌ల ఆవలికి జరుగుతుంది. అంత దూరాన రెండు పరమాణువుల ఎలక్ట్రాన్ మేఘాలు దాదాపు తగలవు. V ఎంతో చిన్నదవుతుంది, అణువు దాదాపు ప్రతిసారీ నేరుగా దూకేస్తుంది. దాన్ని కంప్యూటరుతో లెక్కగట్టేవారికి ఇక్కడే చిక్కు. దూరాన్ని 0.1 ఆంగ్‌స్ట్రామ్ చొప్పున పెంచుకుంటూ పోతే, ఖాళీ మొత్తం రెండు అడుగుల మధ్య జారిపోయి, గీతలు నిజంగానే దాటాయా, తప్పుకున్నాయా అన్నది తెలియదు. శక్తులను మాత్రమే చూస్తే ఈ పొరపాటు బయటపడదు. ఒక అడుగులోని కింది స్థితిని పక్క అడుగులోని కింది స్థితితో పోల్చాలి. రెండింటి పోలిక 1కి దగ్గరగా ఉంటే దారి సరిగ్గా సాగుతోంది. ఉన్నట్టుండి సున్నాకు పడిపోతే ఆ రెండు అడుగుల మధ్య స్వభావం మారిపోయింది. అక్కడికి తిరిగి వెళ్లి అడుగును పదో వంతుకు తగ్గించి, పోలిక మెల్లగా మారడం కనిపించేదాకా లెక్క మళ్లీ వేసుకోవాలి.