కాగితం మీద రాబడి, కళ్లెదుట గుర్రాలు

షాజహాన్ కొలువులో, 1640ల ప్రాంతంలో, ఒక సర్దారుకు వెయ్యి జాత్, వెయ్యి సవార్ మన్సబు దక్కిందనుకుందాం. జాత్ అంటే దర్బారులో అతని సొంత హోదా, ఆ హోదాకు తగిన జీతం. సవార్ అంటే పాదుషా కోసం అతను పోషించాల్సిన గుర్రపు దళం, దానికయ్యే ఖర్చు. ఈ రెండింటికీ కలిపి ఖజానా నుంచి నెలనెలా రూపాయలు లెక్కపెట్టి ఇచ్చేది కొద్దిమందికే. మిగతావాళ్లలాగే మన సర్దారు చేతికీ ఒక పత్రం వస్తుంది. అందులో కొన్ని పరగణాల పేర్లు, వాటికెదురుగా ఏడాదికి ఇంత అని రాబడి రాసి ఉంటాయి. ఆ పరగణాల శిస్తు ఇకమీదట అతనిది. దాన్నే జాగీరు అన్నారు.

ఈ జీతం లెక్క చూస్తే మొగలుల పాలన ఎలా ఆలోచించిందో తెలుస్తుంది. లెక్కలన్నీ దాం అనే రాగి నాణెంలో కట్టేవారు. నలభై దాములు ఒక రూపాయి. వెయ్యి జాత్ హోదాకు సొంత జీతం ఏడాదికి 20 లక్షల దాములు. సవార్ కింద ఒక్కో రౌతుకు 8,000 దాములు, అంటే 200 రూపాయలు. వెయ్యిమందికి 80 లక్షల దాములు. రెండూ కలిపితే కోటి దాములు, అంటే రెండున్నర లక్షల రూపాయలు. ఇప్పుడు దివాను కచేరీలో గుమాస్తాలు దస్త్రాలు తిరగేసి, మొత్తం జమ సరిగ్గా కోటి దాములయ్యేలా పరగణాలను ఏరి అతని పేర రాస్తారు. చివర్లో లెక్క కుదరకపోతే ఒక పరగణాలో సగమో పావో మాత్రమే రాసి సరిపెడతారు.

వెయ్యి సవార్ అన్నారు కదా అని అతను వెయ్యిమంది రౌతులను తేనక్కరలేదు. తాను కొలువు చేసే సుబాలోనే జాగీరు ఉంటే అందులో మూడోవంతు, జాగీరు ఒకచోట, కొలువు మరోచోట అయితే నాలుగోవంతు తెస్తే చాలు. 1646-47లో హిందూకుష్ దాటి బల్ఖ్ మీదికి సేన నడిపినప్పుడు ఐదోవంతుకే ఒప్పుకున్నారు. అంటే మన సర్దారు సొంత సుబాలో ఉంటే 333 మంది రౌతులు. పైకి ఇది మాఫీలా కనిపిస్తుంది గానీ కాదు. సవార్ కింద వచ్చే రెండు లక్షల రూపాయలను 333 మందికి పంచితే ఒక్కొక్కరికి ఆరువందలు పడుతుంది. ఎందుకంటే అసలైన రౌతుకు ఒక గుర్రం చాలదు. పదిమంది రౌతులకు ఇరవై గుర్రాలు ఉండాలన్నది నియమం. ముగ్గురికి మూడేసి, నలుగురికి రెండేసి, ముగ్గురికి ఒక్కోటి. దూరప్రయాణంలో ఒక గుర్రం అలసినా చచ్చినా దళం ఆగిపోకూడదని ఆ ఏర్పాటు. వెయ్యి అన్న అంకె దర్బారులో గౌరవానికి కొలత. దళం బలం మాత్రం ఆ 333 మందీ వాళ్ల గుర్రాలే.

ఇంత సొమ్ము ముందే చేతికి వచ్చాక ఆ గుర్రాలు నిజంగా ఉన్నాయని ఎలా తెలుస్తుంది? అక్బరుకు ఈ బెడద మొదట్నుంచీ ఉంది. తనిఖీ రోజున సర్దారులు నౌకర్లకు, దారినపోయేవాళ్లకు బట్టలు తొడిగి, అరువు తెచ్చిన గుర్రాలెక్కించి నిలబెట్టేవారని, తనిఖీ కాగానే వాళ్లు ఎటువాళ్లటు వెళ్లిపోయేవారని ఆ కాలపు చరిత్రకారుడు బదాయూనీ కోపంగా రాశాడు. 1573-74లో అక్బర్ దాగ్ పద్ధతిని గట్టిగా అమలు చేశాడు. తనిఖీలో బక్షీ మనుషులు ఒక్కో రౌతు ముందూ ఆగేవారు. పేరు, తండ్రి పేరు, ఊరు, ఒంటి రంగు, నుదురు, ముఖం మీది మచ్చలు, గాయాల గుర్తులు వరసగా రాసుకునేవారు. ఆ పట్టీ పేరు చెహ్రా. తర్వాత గుర్రం వంతు. దాని జాతి, రంగు, సుడులు రాసుకుని, ఇనుప ముద్ర ఎర్రగా కాల్చి ఒక తొడ మీద పాదుషా గుర్తు, రెండో తొడ మీద సర్దారు గుర్తు వేసేవారు. ముద్ర పడిన గుర్రాన్ని మర్నాడు ఇంకో సర్దారు తన గుర్రమని చూపించలేడు. అప్పుడప్పుడూ మళ్లీ తనిఖీ జరిగేది. చూపించాల్సిన గుర్రాలు లేకపోతే ఆ మేరకు జీతంలో కోత పడేది. సర్దారులకు ఈ ముద్రంటే ఎంత కంపరమంటే, బెంగాలు, బీహారుల్లో 1580లో చెలరేగిన తిరుగుబాటుకు దాగ్ అమలులో చూపిన కరకుతనం కూడా ఒక కారణమైంది.

గుర్రాల సంగతి ముద్రతో కొంత తేలింది. రాబడి సంగతి అంత తేలిగ్గా తేలలేదు. పత్రం మీద రాసిన రాబడి జమ. ఆ ఏడు నిజంగా చేతికొచ్చింది హాసిల్. అక్బరు కాలంలో పదేళ్ల పంటలు, ధరలు చూసి 1580లో జమను సరిదిద్దారు కాబట్టి రెండూ కొంత దగ్గరగా ఉండేవి. కాలం గడిచేకొద్దీ జమ పెరిగింది, హాసిల్ దానితోపాటు పెరగలేదు. అప్పుడు మొగల్ అధికారులు ఒక చక్కని ఉపాయం చేశారు. కోటి దాముల జమ ఉన్న జాగీరు నుంచి నిజంగా యాభై లక్షలే వస్తే దాన్ని ఆరు నెలల జాగీరు అన్నారు. మూడోవంతు వస్తే నాలుగు నెలలది. నెలలు తగ్గితే సర్దారు చూపించాల్సిన గుర్రాలు కూడా ఆ లెక్కనే తగ్గేవి. దక్కనులో ఈ నాలుగు నెలల జాగీర్లు చాలానే ఉండేవి. నా మటుకు నాకు మొగలుల పాలనలో అన్నిటికన్నా తెలివైన పని ఇదే అనిపిస్తుంది. జమ అబద్ధమని అందరికీ తెలుసు. హోదాలన్నీ దాని మీదే నిలబడ్డాయి కాబట్టి దాన్ని మార్చలేరు. అందుకని ఆ అబద్ధం ఎంతో కొలిచి, ఆ కొలతను నియమంగా చేశారు. కాకపోతే ప్రతిసారీ తగ్గింది పాదుషా సైన్యమే.

ఇక జాగీరుకు ప్రాణంలాంటి నియమం బదిలీ. సర్దారుకు దక్కేది శిస్తు మాత్రమే, భూమి కాదు. రైతు హక్కు రైతుది, జమీందారు హక్కు జమీందారుది, శాంతిభద్రతలు ఫౌజుదారువి. మూడు నాలుగేళ్లకోసారి జాగీరు మారిపోయేది. సర్దారు ఒకే చోట పాతుకుపోయి సొంత రాజ్యం కట్టుకోకూడదన్నదే దీని ఉద్దేశం. పంజాబులో తన పెంపుడు తండ్రి కుటుంబంవాళ్లంతా ఒకేచోట బలపడుతున్నారని అక్బర్ 1568లో వాళ్లను అక్కడి నుంచి లేపి వేర్వేరు చోట్లకు పంపాడు. అంబర్, మార్వార్ లాంటి రాజపుత్ర వంశాలకు తమ పూర్వీకుల నేల మీద వతన్ జాగీరును వదిలేశారు. అది ఆ వంశాలతో కుదుర్చుకున్న రాజీ. తెలుగు నేల మీద విజయనగర రాయలు ఇచ్చిన అమరం దీనికి దూరపు చుట్టమే. అక్కడా సీమ ఇచ్చి సేనను అడిగారు. అయితే అమరనాయకుల్లో చాలామంది తమ సీమలో వేళ్లూనుకున్నారు, తర్వాత తంజావూరు, మధుర నాయకులు రాజులే అయ్యారు. ఆ ప్రమాదాన్నే మొగలులు బదిలీతో ఆపారు.

ఆపినందుకు మూల్యం రైతు చెల్లించాడు. వచ్చే ఏడు ఈ పరగణా తన చేతిలో ఉంటుందో లేదో తెలియని సర్దారు బావి తవ్వించడానికో, కరువులో తక్కావీ అప్పు ఇవ్వడానికో ఎందుకు సొమ్ము పెడతాడు? అతని అమీలు ఈ పంటకు పిండగలిగినంత పిండుకుని పోతాడు. ఫ్రెంచి వైద్యుడు బెర్నియర్ ఔరంగజేబు కాలంలో ఇదే చూసి రాశాడు. దక్కను యుద్ధాల్లో తిరిగిన భీంసేన్ కూడా దాదాపు ఇదే రాశాడు. అలాగని దేశమంతా ఒకేలా పాడైందని చెప్పలేం. కానుంగో దస్త్రాలు, స్థానిక జమీందారుల పలుకుబడి ఉన్నచోట అమీలు ఇష్టారాజ్యం సాగలేదు. అవి బలహీనపడ్డచోట సాగింది.

ఈ ఏర్పాటు చిక్కుల్లో పడ్డ తీరు గోల్కొండలో బాగా కనిపిస్తుంది. 1686లో బీజాపూరు, 1687 సెప్టెంబరులో గోల్కొండ ఔరంగజేబు వశమయ్యాయి. అక్కన్న, మాదన్నల హత్య గోల్కొండ పతనానికి ముందే జరిగింది. ఓడిన రాజ్యాల సర్దారులను, మరాఠా నాయకులను తన వైపు తిప్పుకోవడానికి పాదుషా మన్సబులు విరివిగా పంచాడు. చరిత్రకారుడు అతహర్ అలీ లెక్క ప్రకారం వెయ్యి జాత్, ఆపై హోదా ఉన్నవారు 1658-78 మధ్య 486 మంది. 1679-1707 మధ్య 575 మంది. వారిలో మరాఠాలే 27 నుంచి 96కు పెరిగారు. వీళ్లందరికీ జాగీర్లు కావాలి. గెలిచిన కొత్త నేల ఉందిగా అనిపిస్తుంది. కానీ గోల్కొండ దస్త్రాలు పరిశోధించిన జె.ఎఫ్. రిచర్డ్స్ చూపించిందేమంటే, ఆ రాజ్యంలోని మంచి పరగణాల్లో చాలా భాగాన్ని పాదుషా జాగీర్లకు ఇవ్వకుండా ఖాల్సా కింద ఖజానాకే ఉంచుకున్నాడు. జింజీ ముట్టడి ఏళ్ల తరబడి సాగుతోంది, ఆ ఖర్చుకు నగదు కావాలి. మన్సబు ఉండి జాగీరు లేని సర్దారులు కచేరీల చుట్టూ తిరిగారు. జాగీరు దొరికినవాళ్లకు శిస్తు వసూలు చేసుకునే బలం లేదు. శిస్తు రాకపోతే రౌతులకు జీతాలు లేవు, రౌతులు లేకపోతే శిస్తు రాదు. 1708లో సర్వాయి పాపన్న మనుషులు ఓరుగల్లులో చొరబడి కొల్లగొట్టి పోయారంటే హైదరాబాదు సుబాలో దళాలు ఎంత పలచబడ్డాయో అర్థమవుతుంది.

1724లో నిజాముల్ ముల్క్ దక్కనులో స్వతంత్రంగా నిలదొక్కుకున్నాక జాగీరు అనే పేరు మిగిలింది, దాన్ని నడిపించిన బదిలీ క్రమంగా పోయింది. జాగీర్లు తండ్రి నుంచి కొడుక్కి వెళ్లాయి. నిజాము సొంత దళాలను పోషించడానికని పాయిగా సర్దారులకు పెద్ద పెద్ద తాలూకాలిచ్చారు. తర్వాతి తరాల్లో ఆ దళాల అవసరం తగ్గిపోయినా తాలూకాలు ఆ కుటుంబాల చేతుల్లోనే ఉన్నాయి. తనిఖీలో గుర్రాల తొడల మీద ముద్ర చూసేవాళ్లు లేకపోయినా తెలంగాణ పల్లెల్లో జాగీర్దారు మనుషులు శిస్తు వసూలు చేస్తూనే ఉన్నారు. 1949 ఆగస్టులో హైదరాబాదు సైనిక ప్రభుత్వం జాగీర్ల రద్దు శాసనం తెచ్చి ఆ గ్రామాలను సర్కారు పాలనలో కలిపింది, జాగీర్దార్లకు పరిహారం లెక్కకట్టి ఇచ్చింది.